బూడిదరంగుకు తిరిగిన పన్నుకు లోపలి నుంచి వైద్యం

రూట్ కెనాల్ చేయించుకున్న ముందు పన్ను కొన్నేళ్లకు బూడిదరంగుకు తిరిగితే చాలామందికి వినిపించే మొదటి సలహా ‘క్యాప్ వేయించుకోండి’ అని. ఆ పన్నుకు నొప్పి ఉండదు, వాపు ఉండదు, కదలదు కూడా. నవ్వినప్పుడు, ఫొటో దిగినప్పుడు మాత్రం ఆ ఒక్కటే కంటికి తగులుతుంది. పెళ్లిచూపులో, ఉద్యోగం ఇంటర్వ్యూవో దగ్గరపడేసరికి ఇక ఆలోచించకుండా క్యాప్‌కు సరే అనేస్తారు.

అయితే క్యాప్ కూర్చోవడానికి చోటు కావాలి. అందుకోసం పన్నును చుట్టూ ఒక మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర మిల్లీమీటరు దాకా అరగదీస్తారు. పైనున్న ఎనామిల్ చాలావరకు పోతుంది. పోయిన ఎనామిల్ మళ్లీ పెరగదు. రూట్ కెనాల్ కోసం లోపల ఇప్పటికే డొల్ల అయిన పన్ను బయట కూడా పలచబడితే విరిగే ప్రమాదం పెరుగుతుంది. పన్ను ఆకారం బాగానే ఉండి, రంగు ఒక్కటే చెడినప్పుడు ఇంత నష్టం అక్కర్లేదు. రంగు పుట్టిన చోటికే, అంటే పన్ను లోపలికే మందు పంపి తెల్లబరిచే పద్ధతి అరవై ఏళ్లకు పైగా వాడుకలో ఉంది. దంతవైద్యులు దీన్ని ఇంటర్నల్ బ్లీచింగ్ అంటారు.

ఆ బూడిదరంగు ఎక్కడిది

పన్నుకు పైన ఎనామిల్, దాని కింద డెంటిన్, మధ్యలో ఒక గది, ఆ గదిలో రక్తనాళాలు, నరాలు ఉన్న మెత్తని గుజ్జు ఉంటాయి. డెంటిన్ చూడటానికి గట్టిగానే ఉన్నా దానిలో గుజ్జు గది నుంచి బయటివైపు సాగే అతిసన్నని గొట్టాలు వేల సంఖ్యలో ఉంటాయి. ఎనామిల్ సగం పారదర్శకం. కాబట్టి డెంటిన్ ఏ రంగులో ఉంటే పన్ను దాదాపు ఆ రంగులోనే కనిపిస్తుంది.

ముందు పన్నుకు గట్టి దెబ్బ తగిలితే లోపలి గుజ్జులో రక్తనాళాలు చిట్లుతాయి. ఎర్ర రక్తకణాలు పగిలి, వాటిలోని పదార్థాలు డెంటిన్ గొట్టాల్లోకి చేరతాయి. హీమోగ్లోబిన్ విడిపోయినప్పుడు ఇనుము మిగులుతుంది. గుజ్జు చచ్చి క్రిములు చేరితే అవి వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్‌తో ఆ ఇనుము కలిసి నల్లని ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. మనకు బయట కనిపించే బూడిదరంగు చాలావరకు ఇదే.

రెండో కారణం రూట్ కెనాల్ పనిలోనే మిగిలిపోతుంది. పై వరుస ముందు పన్నులో గుజ్జు గదికి కొరికే అంచు వైపు, ఎడమా కుడీ రెండు మూలలు ఉంటాయి. చిన్న వయసులో ఈ మూలలు ఇంకా వెడల్పుగా ఉంటాయి. వాటిని పూర్తిగా శుభ్రం చేయాలంటే పన్ను వెనుక వేసే రంధ్రం త్రికోణాకారంలో, వెడల్పు భాగం కొరికే అంచు వైపు ఉండేలా వేయాలి. చిన్న గుండ్రటి రంధ్రం వేసి పని కానిస్తే వేరులో అంతా బాగానే జరిగినా ఆ రెండు మూలల్లో చచ్చిన గుజ్జు, పాత రక్తం ఉండిపోతాయి. వేరును నింపే గట్టాపెర్చా, దానితో వాడే సీలర్ సిమెంట్ చిగురు గీత దాటి పన్ను పైభాగంలో మిగిలిపోయినా రంగు మారుతుంది. వెండి కలిసిన పాత సీలర్లు, మినోసైక్లిన్ అనే యాంటీబయోటిక్ ఉన్న మందు ముద్దలు, బిస్మత్ ఆక్సైడ్ ఉన్న ఎంటీఏ సిమెంట్ కూడా పన్నును నల్లబరుస్తాయని తెలిసిందే.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీటివల్ల పళ్లకు వచ్చే గోధుమరంగు మచ్చలు ఎనామిల్ తయారయ్యేటప్పుడే ఏర్పడతాయి, అనేక పళ్ల మీద కనిపిస్తాయి. టీ, జర్దా, గుట్కా మరకలు బయట అంటుకున్నవి. ఈ రెండింటికీ లోపలి బ్లీచింగ్ పనికిరాదు. ఇది రూట్ కెనాల్ అయి, ఒంటరిగా నల్లబడిన పన్ను కోసం ఉన్న వైద్యం.

మందు చాలా మామూలుది

ఈ పనికి ఎక్కువగా వాడే మందు సోడియం పర్‌బోరేట్ అనే తెల్లని పొడి. నీళ్లు తగిలితే అది మెల్లగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడుదల చేస్తుంది. పెరాక్సైడ్ నుంచి పుట్టే చురుకైన ఆక్సిజన్, రంగున్న పెద్ద అణువులను విరిచి రంగులేని చిన్న అణువులుగా మారుస్తుంది. 1961లో స్పాసర్ అనే దంతవైద్యుడు ఈ పొడిని నీళ్లతో కలిపి పన్ను లోపల పెట్టి మూసేసే పద్ధతిని ప్రచురించారు. 1963లో నటింగ్, పో అనే ఇద్దరు నీళ్లకు బదులు 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపారు. మందు లోపల పనిచేస్తుండగా మనిషి తన పనులు తాను చేసుకుంటూ తిరగొచ్చు కాబట్టి దీనికి వాకింగ్ బ్లీచ్ అనే పేరు స్థిరపడింది.

ఘాటైన పెరాక్సైడ్ కలిపితే మొదట్లో వేగంగా తెల్లబడుతుంది. కానీ కాస్త ఓపిక పట్టి, ఒకటి రెండు సార్లు ఎక్కువగా మందు మారిస్తే నీళ్లతో కలిపిన పొడి కూడా దాదాపు అంతే ఫలితం ఇస్తుంది. ఆ ఓపిక ఎందుకు పట్టాలో తెలియాలంటే 1979 నాటి ఒక నివేదిక దగ్గరకు వెళ్లాలి.

ఆ ఏడాది హారింగ్టన్, నాట్కిన్ అనే వైద్యులు బ్లీచింగ్ చేసిన ఏడు పళ్ల గురించి రాశారు. ఆ పళ్లు కొన్నేళ్లకు చిగురు దగ్గర, బయటివైపు నుంచి కరిగిపోవడం మొదలుపెట్టాయి. ఒంట్లోని కణాలే పన్ను మెడను కొంచెం కొంచెంగా తినేస్తాయి. దంతవైద్యంలో దీన్ని సర్వైకల్ రిసార్ప్షన్ అంటారు. ఆ తర్వాత వచ్చిన కేసులను కలిపి చూస్తే మూడు సంగతులు మళ్లీ మళ్లీ కనిపించాయి: చిన్న వయసులో దెబ్బ తగిలిన పన్ను, 30 శాతం పెరాక్సైడ్, దాన్ని వేగంగా పనిచేయించడానికి పెట్టిన వేడి. నాలుగోది కూడా ఉంది. చాలా కేసుల్లో మందుకూ వేరుకూ మధ్య అడ్డుకట్ట వేయలేదు.

ఎనామిల్, వేరు మీది సిమెంటమ్ పొర చిగురు దగ్గర కలుసుకుంటాయి. దాదాపు పదింట ఒక పన్నులో ఆ రెండూ కలవకుండా సన్నని ఎడం ఉండిపోతుంది. అక్కడ డెంటిన్ గొట్టాలు బయటికే తెరుచుకుంటాయి. లోపల పెట్టిన ఘాటైన మందు ఆ గొట్టాల గుండా వేరు చుట్టూ ఉన్న కణజాలానికి చేరి దాన్ని రెచ్చగొడుతుందని నిపుణుల భావన. అందుకే లోపలి బ్లీచింగ్‌లో మందు కంటే మందును ఆపే అడ్డుకట్టే ముఖ్యం. ఈ అడ్డుకట్ట ఎలా వేస్తారో తెలిస్తే మీ పన్నుకు పని సరిగా జరుగుతోందో లేదో మీరే అడిగి తెలుసుకోగలరు.

ఒక పన్ను, మొదటి నుంచి చివరి దాకా

తరచుగా కనిపించే తరహా పన్నును ఉదాహరణగా తీసుకుందాం. అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. తొమ్మిదో తరగతిలో సైకిల్ మీద నుంచి పడినప్పుడు పై వరుసలో కుడివైపు మధ్య పన్నుకు దెబ్బ తగిలింది. ఏడాదికి చిగురు మీద చీము పొక్కు వస్తే రూట్ కెనాల్ చేశారు. ఇప్పుడు పన్ను బూడిదరంగులో ఉంది. షేడ్ గైడ్ పక్కన పెట్టి చూస్తే ఆ పన్ను సీ4 అనే ముదురు రంగుకు, పక్క పళ్లు ఏ2కు సరిపోతున్నాయి. ఆ షేడ్ ముక్కతో కలిపి ఫొటో తీసి పెట్టుకుంటారు. తర్వాత ఎంత మారిందో చెప్పడానికి జ్ఞాపకం ఒక్కటే సరిపోదు.

ముందుగా ఎక్స్-రే. వేరు కొస దాకా నింపకం గట్టిగా ఉందా, కొస దగ్గర ఎముకలో నల్లని మచ్చ ఏమైనా ఉందా, పన్ను మెడ దగ్గర ఇప్పటికే కరుగుదల మొదలైందా అని చూస్తారు. వేరు నింపకం సరిగా లేకపోతే మొదట రూట్ కెనాల్ మళ్లీ చేయాలి. పైనుంచి మందు పెడుతూ కింద క్రిములను వదిలేయడానికి వీల్లేదు. మన ఉదాహరణలో వేరు బాగుంది. కానీ గట్టాపెర్చా చిగురు గీత దాటి పన్ను పైభాగంలోకి వచ్చింది, గది రెండు మూలలూ శుభ్రం కాలేదు. రంగు ఎందుకు మారిందో ఇక్కడే తెలిసిపోయింది.

తర్వాత సన్నని కొలత పుల్లతో చిగురు చుట్టూ కొలుస్తారు. కొరికే అంచు నుంచి చిగురు పన్నును అంటుకున్న చోటు దాకా ముందువైపు 11 మిల్లీమీటర్లు, మధ్యగీత వైపు 7.5, ఆ అవతలి వైపు 8.5 వచ్చాయనుకుందాం. చిగురు గీత పన్ను చుట్టూ ఒకే ఎత్తున ఉండదని ఈ అంకెలు చెబుతున్నాయి. పక్కల్లో అది కొరికే అంచుకు దగ్గరగా వస్తుంది.

పన్నుకు రబ్బర్ డ్యామ్ తొడిగి, ఉమ్మి తగలకుండా చేసి, వెనుకనున్న పాత ఫిల్లింగ్ తీసేస్తారు. రంధ్రాన్ని త్రికోణంగా సరిచేసి రెండు మూలల్లోని పాత మురికిని, సీలర్‌ను గీకి తీస్తారు. ఈ శుభ్రతతోనే పన్ను కొంత తేలికపడటం కొన్నిసార్లు అక్కడికక్కడే కనిపిస్తుంది. ఆపైన వేరు నింపకాన్ని చిగురు గీతకు రెండు మూడు మిల్లీమీటర్ల కింద దాకా తగ్గిస్తారు. మన లెక్కలో కొరికే అంచు నుంచి సుమారు 13 మిల్లీమీటర్ల లోతు.

ఇప్పుడు అడ్డుకట్ట. గ్లాస్ అయానోమర్ వంటి సిమెంట్‌ను కనీసం రెండు మిల్లీమీటర్ల మందంతో గట్టాపెర్చా మీద వేస్తారు. దాని పై అంచు, బయట కొలిచిన చిగురు గీత కంటే ఒక మిల్లీమీటరు పైకి ఉండాలి. అంటే కొరికే అంచు నుంచి ముందువైపు 10 మిల్లీమీటర్లకు, పక్కల్లో ఆరున్నర, ఏడున్నరకు రావాలి. అడ్డుకట్టను బల్లపరుపుగా ముందువైపు ఎత్తులోనే వేసేస్తే పక్కల్లో మూడున్నర మిల్లీమీటర్ల దాకా డెంటిన్ గొట్టాలు మందుకు తెరుచుకుని ఉంటాయి. మెడ దగ్గర కరుగుదలకు దారిచ్చేది అక్కడే. అందుకే దాని పైతలం చిగురు వంపునే అనుసరించి, పక్కల్లో ఎత్తుగా, ముందువైపు దిగువగా ఉండేలా దిద్దుతారు. ఇలా వేస్తే చిగురు అంచున ఒక సన్నని పట్టీలో రంగు పూర్తిగా పోకపోవచ్చు. నవ్వినప్పుడు పెదవి కిందే ఉండిపోయే ఆ పట్టీ కోసం అడ్డుకట్టను తగ్గించకూడదు.

సిమెంట్ గట్టిపడ్డాక మందు. సోడియం పర్‌బోరేట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో రెండు పాళ్ల పొడికి ఒక పాలు నీళ్ల లెక్కన తడి ఇసుకలా కలిపి గదిలో నింపి వత్తుతారు. దూదితో తేమ అద్దేస్తారు. వెనుక రంధ్రంలో రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీ ఉంచి, అక్కడ తాత్కాలిక సిమెంట్ గట్టిగా వేస్తారు. మందు చల్లే అంచున ఒక చుక్క మిగిలినా సిమెంట్ పట్టదు, అందుకే అంచులన్నీ తుడిచి వేయాలి. ఈ మూత ఊడితే మందు కారిపోతుంది, క్రిములు లోపలికి వెళతాయి. వారం గడిచినా రంగు అణువంత కూడా మారకపోతే మొదట అనుమానించాల్సింది ఈ మూతనే.

ఇంటికి పంపేటప్పుడు చెప్పాల్సినవి రెండే. మూత ఊడితే ఆ రోజే రావాలి. పని పూర్తయ్యేదాకా ఆ పన్నుతో చెరకు, జామకాయ, ఎముకలు కొరకకూడదు, ఎందుకంటే ఇప్పుడు దాని లోపల ఆసరా లేదు.

వారానికోసారి మందు మారుస్తారు. మన ఉదాహరణలో మొదటి వారానికి సీ4 నుంచి ఏ3.5కు, రెండో వారానికి ఏ2కు దగ్గరగా, మూడో వారానికి పక్క పళ్లకంటే ఒక మెట్టు తేలికగా ఏ1కు వచ్చిందనుకుందాం. చాలా పళ్లకు రెండు నుంచి నాలుగు సార్లు సరిపోతుంది. కావాలనే ఒక మెట్టు ఎక్కువ తెల్లబరుస్తారు, తర్వాతి వారాల్లో రంగు కొద్దిగా వెనక్కి వస్తుంది కాబట్టి.

అనుకున్న రంగు రాగానే శాశ్వత ఫిల్లింగ్ వేసేస్తే పొరపాటు. డెంటిన్‌లో మిగిలిన ఆక్సిజన్ వల్ల కాంపోజిట్ సరిగా అంటుకోదు, రంగు కూడా ఇంకా స్థిరపడలేదు. అందుకని మందు తీసేసి, గదిని కడిగి, కాల్షియం హైడ్రాక్సైడ్ ముద్ద పెట్టి రెండు వారాలు ఆగుతారు. పెరాక్సైడ్ తెచ్చిన ఆమ్లస్వభావాన్ని అది తగ్గిస్తుంది. ఆ తర్వాతే గది మొత్తాన్ని లేత రంగు కాంపోజిట్‌తో నింపి మూసేస్తారు. అడ్డుకట్ట సిమెంట్ అలాగే లోపల ఉండిపోతుంది. మొదటి రోజు నుంచి లెక్కపెడితే అయిదారు వారాల పని. పెళ్లి ముహూర్తానికి నాలుగు రోజుల ముందు వచ్చి అడిగితే మంచి దంతవైద్యులు ఒప్పుకోనిది ఇందుకే.

ఎక్కడ పనిచేయదు, ఏది గమనించాలి

రక్తం, చచ్చిన గుజ్జు వల్ల వచ్చిన రంగు బాగా పోతుంది. వెండి కలిసిన సీలర్, అమాల్గం ఫిల్లింగ్, లోహపు పోస్టు వల్ల వచ్చిన నలుపు మొండిది. పర్‌బోరేట్‌కు లోహపు లవణాలు సులువుగా లొంగవు. పన్నులో సగానికి పైగా ఫిల్లింగే ఉంటే బ్లీచింగ్‌కు పెద్దగా అర్థం లేదు, ఎందుకంటే కాంపోజిట్ ఈ మందుకు తెల్లబడదు. పన్నుకు నిలువు బీట ఉన్నా, పుచ్చు చిగురు లోపలికి వెళ్లినా ముందు ఆ సంగతి చూడాలి. మూడు నాలుగు సార్లు మందు మార్చినా కదలిక లేకపోతే ఇంకా ఇంకా ఘాటు మందుకు వెళ్లడం కంటే అక్కడితో ఆపి, ముందువైపు పలుచగా వేసే వెనీర్ గురించి ఆలోచించడం మేలు. అప్పటికి కొంతైనా తేలికపడిన పన్ను మీద వెనీర్ కింద నలుపు కనిపించే బాధ తగ్గుతుంది.

కొందరు దంతవైద్యులు పర్‌బోరేట్‌కు బదులు కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వాడతారు. పది శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ విడుదల చేసేది సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ మాత్రమే. ఏ మందు వాడినా అడ్డుకట్ట లెక్క మారదు. వేడి చేసిన పరికరంతో ఘాటైన పెరాక్సైడ్‌ను లోపల మరిగించి ఒక్క సిట్టింగ్‌లో తెల్లబరుస్తామనే మాట వినిపిస్తే ఒప్పుకోకండి. 1979 నుంచి పోగైన చెడ్డ అనుభవాల్లో ఆ వేడిది పెద్ద పాత్ర.

పని అయిపోయాక గమనించాల్సినవి రెండు. మొదటిది రంగు తిరిగి రావడం. కొన్నేళ్లకు కొన్ని పళ్లు కొంత నల్లబడతాయి. వెనుక ఫిల్లింగ్ అంచు నుంచి ఉమ్మి, క్రిములు లోపలికి కారడం దీనికి ఒక కారణం. ఫిల్లింగ్ మార్చి ఒకసారి మళ్లీ బ్లీచింగ్ చేస్తే సాధారణంగా సరిపోతుంది. రెండోది మెడ దగ్గర కరుగుదల. ఇది నొప్పి లేకుండా వస్తుంది, చాలాసార్లు ఎక్స్-రేలోనే బయటపడుతుంది. చిగురు అంచున గులాబీరంగు మచ్చ, కారణం లేకుండా అక్కడే రక్తం రావడం కొన్నిసార్లు దాని గుర్తులు. అందుకే ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి, ఆ తర్వాత ఏటా ఎక్స్-రే తీయించుకోవాలి. చిన్న వయసులో దెబ్బ తగిలిన పన్నుకైతే ఇది మరీ అవసరం, ఎందుకంటే బ్లీచింగ్ చేయకపోయినా అలాంటి పన్నుకు కరుగుదల రావచ్చు. చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటే ఆ చోటును తెరిచి శుభ్రం చేసి పూడ్చే వీలుంటుంది. ఆలస్యమైతే పన్నే పోతుంది.

కుర్చీలో కూర్చునే ముందు దంతవైద్యుణ్ని నాలుగు మాటలు అడగండి. వేరు నింపకం బాగుందని ఈ మధ్య తీసిన ఎక్స్-రే చెబుతోందా? వేరు మీద సిమెంట్ అడ్డుకట్ట వేస్తున్నారా, దాన్ని చిగురు వంపు ప్రకారం కొలిచి వేస్తున్నారా? పొడిని కలిపేది నీళ్లతోనా, ఘాటైన పెరాక్సైడ్‌తోనా? ఏడాదికి మళ్లీ ఎక్స్-రే ఎప్పుడు? ఈ నాలుగింటికీ సూటిగా జవాబు వస్తే నిశ్చింతగా మొదలుపెట్టవచ్చు. బ్లీచింగ్ ఫలించకపోతే క్యాప్ ఆ తర్వాతైనా వేయవచ్చు. క్యాప్ కోసం పన్ను అరగదీశాక మాత్రం బ్లీచింగ్‌కు తిరిగి వెళ్లడానికి ఏమీ మిగలదు. కాబట్టి ఆకారం చెడని పన్నుకు ముందు లోపలి వైద్యం, అది చాలకపోతేనే క్యాప్.